కిలోలు, గ్రాములు, లీటర్లు – అన్నిటికీ ఒకటే కొలత



వానాకాలం పంటలకు ఎరువులు, మందులు కొనే రోజులు దగ్గరపడితే పటాన్‌చెరు, సంగారెడ్డి దుకాణాల నుండి ధరల చీటీలు ఊళ్ళలోకి వస్తాయి. లక్డారంలో ఒక పన్నెండు మంది రైతులు కలిసి సరుకు ఒక్కసారే తెప్పించుకుందామని అనుకున్నారనుకోండి. ముగ్గురు వ్యాపారుల నుండి మూడు చీటీలు వచ్చాయి. ఒకదానిలో “మాంకోజెబ్ 500 గ్రా.” అని ఉంది. రెండవదానిలో “250 గ్రా. నాలుగు” అని ఉంది. మూడవదానిలో “1 కేజీ” అని ఉంది. వేపనూనె ఒకరు లీటర్లలో రాస్తే మరొకరు కిలోల్లో రాశారు. యూరియాకు వచ్చేసరికి అంకె అసలు లేదు, “సంచి” అని మాత్రమే ఉంది. ఈ మూడు చీటీలూ ముందర పెట్టుకుని ఎవరి దగ్గర కొనాలో చెప్పమంటే ఎవరు మాత్రం చెప్పగలరు? ధరలు తెలిసినట్టే ఉంటాయి గాని, నిజానికి ఏదీ తెలియదు. కాబట్టి ఇట్లాంటి చీటీలను ఒకే కొలతలోకి ఎలా తెచ్చుకోవాలో ఇప్పుడు వివరంగా చెప్పుకుందాం.

ఇది మనకు కొత్త చిక్కు కాదు. మన పెద్దలు ధాన్యాన్ని సోలతో, తవ్వతో, మానికతో, కుంచంతో కొలిచేవారు. బెల్లాన్ని, పత్తిని తూకం వేసేవారు. శేరు అనే మాట కొన్నిచోట్ల తూకానికీ, కొన్నిచోట్ల కొలపాత్రకూ కూడా వాడేవారు. ఒక ఊరి శేరు పక్క తాలూకా శేరుతో సరిపోయేది కాదు. 1956లో కేంద్ర ప్రభుత్వం తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసి, 80 తులాల శేరుకు సుమారు 933 గ్రాములని లెక్క కట్టింది. 1958 అక్టోబరు 1 నుండి కొన్ని ప్రాంతాలలో మొదలుపెట్టి, కొన్నేళ్ళలో దేశమంతటా కిలోనూ లీటరునూ అమలులోకి తెచ్చింది. ఇప్పుడు తూనికలు కొలతలకు 2009 నాటి చట్టం ఉంది. శేర్ల తగాదా అలా పోయింది. అయితే గ్రాములు, కిలోలు, మిల్లీలీటర్లు, లీటర్లు, సంచులు, డబ్బాలు అన్నీ ఒకే చీటీలో కలిసిపోతే పాత తగాదా కొత్త రూపంలో మళ్ళీ వచ్చినట్టే.

మొదటి పని ఇది. చీటీలో సరుకు పేరు పక్కన గుత్తగా రాసి ఉన్న మాటను విడదీయాలి. ఒక నోటు పుస్తకం తీసుకుని ఆరు గడులు గీయండి. మొదటి గడిలో చీటీలో ఎట్లా ఉందో అట్లాగే, అక్షరం మార్చకుండా రాయండి. రెండవ గడిలో సరుకు పేరు, దాని శాతం. మూడవ గడిలో ఒక ప్యాకెట్టులో ఎంత ఉందో ఆ అంకె. నాలుగవ గడిలో అది గ్రాములా, కిలోలా, మిల్లీలీటర్లా, లీటర్లా అన్నది. అయిదవ గడిలో ఎన్ని ప్యాకెట్లు. ఆరవ గడిలో ధర. మొదటి గడి ఎందుకని కొందరు అడుగుతారు. రేపు లెక్కలో తేడా వస్తే, తప్పు చీటీలో ఉందా, మనం విడదీయడంలో ఉందా అని చూసుకోవడానికి ఆ గడి ఒక్కటే ఆధారం. దానిని చెరిపి “శుభ్రంగా” రాసుకున్నవారికి ఆ ఆధారం పోతుంది.

నాలుగవ గడి రాసేటప్పుడు కాస్త నిదానం కావాలి. ఒకే గ్రామును వ్యాపారులు జి అనీ, జి.ఎం. అనీ, గ్రామ్స్ అనీ రాస్తారు. అవన్నీ ఒకటే. మందుల మీద సి.సి. అని ఉంటే అది మిల్లీలీటరే. కాని మి.గ్రా., మి.లీ. అనేవి ఒకటి కావు. మొదటిది గ్రాములో వెయ్యవ వంతు, రెండవది లీటరులో వెయ్యవ వంతు. గజిబిజి చేతిరాతలో ఈ రెండూ ఒకేలా కనబడతాయి. అనుమానం వస్తే డబ్బా మీద ముద్రించినది చూడండి గాని, ఊహించి రాయకండి.

ఇక రెండవ పని. గట్టి సరుకులన్నిటినీ కిలోల్లోకి, ద్రవాలన్నిటినీ లీటర్లలోకి మార్చాలి. వెయ్యి గ్రాములు కిలో, వెయ్యి మిల్లీలీటర్లు లీటరు. అంటే గ్రాముల అంకెను వెయ్యితో భాగించడమే. మన మాంకోజెబ్ చీటీలే చూద్దాం. ఇక్కడ చెప్పే ధరలు లెక్క తెలియడానికి పెట్టుకున్నవి. మొదటి వ్యాపారి 500 గ్రాముల ప్యాకెట్టు 260 రూపాయలన్నాడు. 500 గ్రాములంటే 0.500 కిలో. 260ని 0.500తో భాగిస్తే కిలోకు 520 రూపాయలు. రెండవ వ్యాపారి “250 గ్రా. నాలుగు” అని రాసి ఎదుట 500 రూపాయలు వేశాడు. నాలుగు ప్యాకెట్లు కలిపి కిలో. ఆ 500 నాలుగింటికీ కలిపి అయితే కిలోకు 500 రూపాయలే. ఒక్కొక్క ప్యాకెట్టుకు 500 అయితే కిలోకు 2,000 అవుతుంది. ఇట్లాంటి చోట తప్పకుండా ఫోను చేసి అడగాలి. మూడవ వ్యాపారి కిలో ప్యాకెట్టు 510 అన్నాడు. మొదటి చూపుకు 260 రూపాయల ప్యాకెట్టు చవకగా కనిపించింది గాని, ఒకే కొలతలో పెట్టి చూస్తే అదే అన్నిటికన్నా ఖరీదు అని తేలింది.

ఇక్కడే ఎంత కావాలో కూడా తేల్చుకోవచ్చు. మాంకోజెబ్ 75 శాతం పొడిమందును లీటరు నీటికి రెండున్నర గ్రాములు కలుపుతారు. ఎకరా టమాటాకు 200 లీటర్ల నీరు పట్టిందనుకుంటే ఒక్కసారి చల్లడానికి 500 గ్రాములు కావాలి. పన్నెండు ఎకరాలకు 6 కిలోలు. ఆ ఆరు కిలోలనే 500 గ్రాముల ప్యాకెట్లలో తీసుకుంటే పన్నెండు, 250 గ్రాముల ప్యాకెట్లలో తీసుకుంటే ఇరవై నాలుగు. “మనకు పన్నెండు ప్యాకెట్లు పంపండి” అని మాత్రమే రాసి, అక్కడి నుండి 250 గ్రాములవి వచ్చాయంటే సగం చేలకు మందు చాలదు. కాబట్టి ఉత్తరంలో ప్యాకెట్ల సంఖ్య ఒక్కటే రాయకూడదు, మొత్తం కిలోలు కూడా రాయాలి.

చుక్క దగ్గర జరిగే పొరపాటు ఒకటి ఉంది. మూడు కిలోల డెబ్బయి అయిదు గ్రాములను చాలామంది 3.75 అని రాస్తారు. ఆ రాసినదానికి అర్థం మూడు కిలోల ఏడువందల యాభై గ్రాములు. అంటే 675 గ్రాముల తేడా. దీనికి కారణం మనకు రూపాయలు పైసలు రాసే అలవాటే. రూపాయికి నూరు పైసలు గనుక చుక్క తరువాత రెండు అంకెలు చాలు. కిలోకు వెయ్యి గ్రాములు గనుక చుక్క తరువాత మూడు అంకెలు కావాలి. ఎప్పుడూ మూడు స్థానాలూ నింపి రాసే పద్ధతి పెట్టుకోండి. 3.075 అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు. మూడున్నర కిలోలైనా 3.500 అనే రాయండి. పుస్తకంలో ఎక్కడైనా చుక్క తరువాత రెండే అంకెలు కనిపిస్తే, ఆ వరుస మళ్ళీ చూడవలసినదన్నమాట.

ఇంతవరకు సులువు. ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. “అయ్యా, కిలో అయితేనేం, లీటరైతేనేం, రెండూ ఒకటే కదా?” అని అడిగేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నీళ్ళ విషయంలో వారి మాట సుమారుగా నిజమే. లీటరు నీరు కిలో తూగుతుంది. తక్కినవాటికి అది చెల్లదు. మానికెడు వడ్లూ, మానికెడు కందిపప్పూ ఒకే తూకం తూగవని మన ఇళ్ళల్లో ఆడవారికి బాగా తెలుసు. పాత్ర నిండే కొలత వేరు, త్రాసులో తూగే కొలత వేరు. పాలు లీటరుకు ఇంచుమించు కిలో మీద ముప్పయి గ్రాములు తూగుతాయి. నూనెలు నీటికన్నా తేలిక, అందుకే నీటి మీద తేలుతాయి. వేరుశనగ నూనె లీటరుకు ఇంచుమించు 910 గ్రాములే తూగుతుంది. అంటే పదిహేను లీటర్ల డబ్బా, పదిహేను కిలోల డబ్బా ఒకటి కావు. లీటర్ల డబ్బాలో సుమారు పదమూడు కిలోల ఆరువందల యాభై గ్రాములే ఉంటుంది.

ఇప్పుడు మన వేపనూనె చీటీకి వద్దాం. ఒక వ్యాపారి 5 లీటర్ల క్యాను 1,500 రూపాయలన్నాడు. అంటే లీటరు 300. మరొకరు 5 కిలోల క్యాను 1,560 అన్నారు. అంటే కిలో 312. రెండూ అయిదే గదా అని 1,500ది చవకని తీసుకుంటే తప్పు. లీటరు వేపనూనె సుమారు 920 గ్రాములు తూగుతుంది. కాబట్టి కిలో 312 రూపాయలైతే, లీటరు నూనెకు 312ను 0.920తో హెచ్చవేయాలి. 287 రూపాయలు వస్తుంది. అంటే ఎక్కువ ధర కనిపించిన కిలోల క్యానే లీటరుకు 13 రూపాయలు తక్కువ పడింది. ఆ 5 కిలోల క్యానులో సుమారు 5.435 లీటర్ల నూనె ఉంటుంది. అయితే రెండు క్యాన్లలోని సరుకూ ఒకే నాణ్యత అయినప్పుడే ఈ పోలిక. డబ్బా మీద అజాడిరక్టిన్ ఎంతుందో చూసి, అది సమానమైనప్పుడే ధరలు పోల్చండి.

ఈ 920 అనే అంకె ఎవరు చెబుతారు? మీ ఇంటిలోనే తేల్చుకోవచ్చు. ఒక గాజుసీసా, కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. ఖాళీ సీసా తూచండి. 120 గ్రాములు వచ్చిందనుకుందాం. సీసా మీద గీత గీసి, ఆ గీత దాకా నీళ్ళు పోసి తూచండి. 620 వచ్చింది. అంటే నీళ్ళు 500 గ్రాములు. నీళ్ళు వంచి, సీసా బాగా ఆరబెట్టి, అదే గీత దాకా నూనె పోసి తూచండి. 580 వచ్చింది. అంటే నూనె 460 గ్రాములు. 460ని 500తో భాగిస్తే 0.920. ఇదే మీకు కావలసిన అంకె. ఈ పని నీడపట్టున చేయండి. ఎండకు కాగిన నూనె వ్యాకోచించి అదే గీత దాకా కాస్త తక్కువ తూగుతుంది. తెరిచిన విషపు మందులను మాత్రం ఇట్లా సీసాలో పోసి చూడకూడదు. వాటికి డబ్బా మీద రాసిన వివరం గాని, కంపెనీ ఇచ్చే కాగితం గాని చూడాలి. అది కూడా దొరకకపోతే ఆ మందును లీటర్లలోనే ఉంచండి, కిలోల్లోకి మార్చకండి. పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉన్నా నష్టం లేదు. తెలియని అంకెతో నింపితే దాని వెంట మొత్తం లెక్క చెడిపోతుంది.

ఇక “సంచి” సంగతి. సంచి కొలత కాదు, మూట కట్టే గుడ్డ మాత్రమే. యూరియా సంచి ఇదివరకు 50 కిలోలుండేది. 2018 నుండి 45 కిలోలది వచ్చింది. డి.ఎ.పి. సంచి ఇప్పటికీ 50 కిలోలే. గంధకం పూత పూసిన యూరియా 40 కిలోల సంచిలో వచ్చింది. ఒకప్పుడు “ఎకరాకు రెండు సంచుల యూరియా” అని చెప్పుకున్న మాటను ఈ రోజుకీ అట్లాగే పట్టుకుంటే ఏమవుతుందో చూడండి. పన్నెండు ఎకరాలకు ఇరవై నాలుగు సంచులు. పాత సంచి ప్రకారం 1,200 కిలోలు. ఇప్పటి సంచి ప్రకారం 1,080 కిలోలు. నూట ఇరవై కిలోలు తక్కువ. చేలో పైరు పసుపు తిరిగితే “సంచులు సరిగానే వేశాము గదా” అనుకుంటాము. సంచులు సరే, కిలోలు తగ్గాయి. ఆ రెండు సంచుల సిఫారసు మీ పొలానికి అసలు తగునా అన్నది మట్టి పరీక్ష చెప్పవలసిన మాట. కాని తగినా తగకపోయినా, దానిని కిలోల్లో రాసుకుంటేనే ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది.

ఎరువుల విషయంలో ఇంకొక మెట్టు ఎక్కాలి. కిలోల్లోకి తెచ్చినంత మాత్రాన అన్ని ఎరువులూ సమానం కావు. లోపల ఉన్న పోషకం చూడాలి. మామూలు యూరియాలో నత్రజని 46 శాతం. కాబట్టి 45 కిలోల సంచిలో 20.700 కిలోల నత్రజని ఉంటుంది. గంధకం పూత యూరియాలో నత్రజని 37 శాతం. దాని 40 కిలోల సంచిలో 14.800 కిలోలే, దానితో పాటు గంధకం వస్తుంది. డి.ఎ.పి.లో నత్రజని 18, భాస్వరం 46 శాతం గనుక 50 కిలోల సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. సంచిని కిలోగా, కిలోను పోషకంగా మార్చిన తరువాత మాత్రమే ఈ ఎరువుకు బదులు ఆ ఎరువు ఎంత వేయాలో మాట్లాడుకోవచ్చు. అర లీటరు నానో యూరియా సీసాను ఈ సంచుల వరుసలో కలపకండి. 4 శాతం సీసాలో నత్రజని సుమారు 20 గ్రాములే. అది ఆకుల మీద చల్లేది, నేలలో వేసేది కాదు. దాని పని ఎంత అన్నది పంట మీద చూసి తేల్చవలసిన సంగతి, కొలతల లెక్కతో తేలేది కాదు. దానిని లీటర్ల పుటలోనే విడిగా రాసుకోండి.

లెక్క ముగించాక తప్పు పట్టుకునే ఉపాయం కూడా తెలిసి ఉండాలి. ఒకే సరుకుకు మూడు దుకాణాల కిలో ధరలూ ఒకదాని కింద ఒకటి రాయండి. అవి కాస్త అటూ ఇటూగా ఉండాలి. ఒకటి మాత్రం పదింతలో, వెయ్యింతలో తేడాగా ఉంటే అది ధర తేడా కాదు, కొలత తప్పు. 125 రూపాయల 250 గ్రాముల ప్యాకెట్టును పొరపాటున 250 కిలోలని వేసుకుంటే కిలో అర్ధరూపాయికి పడుతుంది. ఆ అంకె చూడగానే తెలిసిపోవాలి. నాలుగింతలు తేడా వస్తే ప్యాకెట్ల సంఖ్య దగ్గర పొరపాటై ఉంటుంది. నూటికి ఎనిమిది, తొమ్మిది రూపాయల తేడా నూనెల దగ్గర కనబడితే కిలో లీటరు కలిసిపోయాయేమో చూడండి. ఈ చివరిదే పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అది మామూలు ధర తేడాలాగానే కనిపిస్తుంది.

ప్యాకెట్టు మీద ఉండే మరొక ముద్ర మీకు సహాయపడుతుంది. ప్యాకెట్ సరుకుల నియమాలను 2021లో సవరించి, కిలోకు గాని గ్రాముకు గాని, లీటరుకు గాని మిల్లీలీటరుకు గాని ధర ఎంత పడిందో ముద్రించాలని చెప్పారు. కొన్ని సరుకులకు మినహాయింపులున్నాయి గాని, చాలా ప్యాకెట్ల మీద ఇప్పుడిది కనబడుతుంది. అయితే అది గరిష్ట చిల్లర ధర మీద కట్టిన లెక్క. వ్యాపారి మీకు తగ్గించి ఇచ్చే ధర మీద కట్టినది కాదు. చిన్న ప్యాకెట్టు మీద గ్రాముకు, పెద్దదాని మీద కిలోకు రాసి ఉండవచ్చు. గ్రాము 52 పైసలంటే కిలో 520 రూపాయలని మార్చుకుని చూడాలి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతు వేదికలో సిఫారసు చెప్పేటప్పుడు “ఒక డబ్బా”, “రెండు మూతలు”, “సంచిన్నర” అనే మాటలు విడిచిపెట్టండి. ఎకరాకు ఎన్ని కిలోలు, లీటరు నీటికి ఎన్ని గ్రాములు లేదా మిల్లీలీటర్లు అని చెప్పండి. ఆ వెంటనే “ఇప్పుడు దుకాణంలో దొరికే ప్యాకెట్లలో ఇన్ని” అని కూడా చెప్పండి. ప్యాకెట్టు సైజు కంపెనీ ఇష్టం, ఎప్పుడైనా మారుతుంది. కిలో మారదు.

ఇంక మన పన్నెండు మంది రైతుల పుస్తకం ఎట్లా ముగిసిందో చూద్దాం. మాంకోజెబ్ 6.000 కిలోలు, కిలో 500 చొప్పున 3,000 రూపాయలు. మొదటి చీటీని నమ్మి ఉంటే 3,120 అయ్యేది. వేపనూనె కిలోల క్యాను. యూరియా ఎన్ని సంచులన్నది కాక ఎన్ని కిలోలన్నది ముందు రాసి, ఆ తరువాత 45తో భాగించి సంచులు. సరుకు దిగిన రోజు చీటీ, పుస్తకం పక్కపక్కన పెట్టుకుని, ప్యాకెట్ల మీది నికర బరువు చూసి, మొత్తం కిలోలూ మొత్తం లీటర్లూ వేరువేరుగా కూడి, మనం రాసి పంపిన అంకెతో సరిపోయిందో లేదో చూసుకున్న తరువాతనే డబ్బు చెల్లించాలి. కిలోలు కిలోలతో, లీటర్లు లీటర్లతో కూడండి. రెండింటినీ కలిపి ఒక మొత్తం వేస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.